కిరాయి ఖాతాలో వెయ్యండి

హైదరాబాద్‌లో కింద ఒక షట్టరు, పైన నాలుగు వాటాలు, డాబా మీద ఒక రేకుల గది ఉన్న ఇళ్లు ప్రతి గల్లీలోనూ కనిపిస్తాయి. ఇలాంటి ఇళ్లలో కిరాయి వసూలు ఇప్పటికీ చేతి మీదే నడుస్తుంది. ఒకటో తారీఖు నుంచి పదో తారీఖు దాకా ఒక్కొక్కరే వచ్చి ఇస్తారు. ఓనరుగారు నోట్లు లెక్కపెట్టి, పాత డైరీలో తేదీ వేసి, పక్కన ఒక పొడి సంతకం పెట్టుకుంటారు. డైరీ ఉండేది ఓనరు బీరువాలో. కిరాయిదారు చేతిలో ఏమీ ఉండదు.

ఈ పద్ధతి మార్చాలనే ఆలోచన చాలాసార్లు ఓనరుకు సొంతంగా రాదు. కొడుకు ఇంటి లోనుకో, కూతురు చదువు వీసాకో బ్యాంకు స్టేట్‌మెంట్లు అడుగుతారు. నెలకు అరవై వేలు కిరాయి వస్తున్నా పాస్‌బుక్‌లో ఆ జాడ ఉండదు. లేదా రెండో అంతస్తులో ఉండే ఉద్యోగి ఆఫీసులో హెచ్‌ఆర్‌ఏ కోసం రసీదులు, ఓనరు పాన్ నంబరు అడుగుతాడు. ఏడాది కిరాయి లక్ష దాటితే ఓనరు పాన్ ఇవ్వాల్సిందే కదా. అప్పుడు మొదలవుతుంది చర్చ: "ఇక నుంచి అందరూ ఖాతాలోనే వేస్తే పోలా?"

అనుకోవడం సులువే. ఆ మాట ఆరు కుటుంబాలకు ఎలా చెప్పాలి, వద్దనేవాళ్లతో ఏం చేయాలి అన్నదే అసలు పని. లెక్క కోసం ఒక ఇల్లు అనుకుందాం. మొదటి రెండు వాటాలు తొమ్మిదిన్నర వేల చొప్పున, మూడోది 8,000, నాలుగోది 11,000, డాబా మీది గది 6,500, కింద కిరాణా షట్టరు 18,000. మొత్తం నెలకు 62,500.

ముందుగా ఓనరే తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది. డబ్బు ఎవరి ఖాతాలో పడాలి? ఇల్లు తల్లి పేరు మీద ఉండి, ఫోను వాడేది కొడుకు కాబట్టి కొడుకు ఖాతా ఇచ్చేస్తారు. కిరాయిదారు హెచ్‌ఆర్‌ఏకు తల్లి పాన్ ఇస్తాడు, డబ్బు మాత్రం ఇంకొకరి ఖాతాకు పోయినట్టు కనిపిస్తుంది. ఆఫీసు ప్రశ్న వేస్తే జవాబు చెప్పుకోవాల్సింది కిరాయిదారే. అన్నదమ్ముల ఉమ్మడి ఇల్లయితే ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. ఏ ఒక్కరి ఖాతాలో పడినా రెండో ఏడాదికల్లా "నా వాటా ఏది" అన్న మాట వస్తుంది. దస్తావేజు ఎవరి పేరున ఉందో వాళ్ల ఖాతాయే ఇవ్వడం, అదీ కిరాయి కోసమే విడిగా తీసిన ఖాతా అయితే మరీ మంచిది.

పన్ను సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. నగదే మేలని పట్టుబట్టే ఓనర్లలో చాలామందికి ఉన్నది ఈ భయమే. మన నమూనా ఇంటికి ఏడాది కిరాయి ఏడున్నర లక్షలు. ఇంటి ఆదాయంలో 30 శాతాన్ని ఖర్చుల కింద చట్టమే తీసేస్తుంది, నిజంగా ఖర్చు పెట్టినట్టు చూపించనక్కర్లేదు. కట్టిన మున్సిపల్ పన్నును లెక్కలోకి తీసుకోకపోయినా మిగిలేది 5,25,000. వేరే ఆదాయం లేని ఓనరుకు, 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా రిబేటు ఉంది కాబట్టి, కట్టాల్సిన పన్ను సున్నా. ఆదాయం నాలుగు లక్షలు దాటింది కనుక రిటర్ను మాత్రం వేయాలి. పెన్షనో, వ్యాపారమో ఉన్నవాళ్ల లెక్క వేరు. కానీ ఈ లెక్క ఒక్కసారి కూడా వేసుకోకుండానే ఏళ్ల తరబడి నగదు పట్టుకుని భయపడేవాళ్లే ఎక్కువ.

ఇక చెప్పడం. ఎక్కువమంది చేసే పొరపాటు, ఇరవై ఎనిమిదో తారీఖు రాత్రి వాట్సాప్ గ్రూపులో క్యూఆర్ కోడు ఫొటో పెట్టి "వచ్చే నెల నుంచి దీనికే పంపండి" అనడం. అది చూడగానే కిరాయిదారుకు తోచేది కిరాయి పెంచబోతున్నారనో, ఇల్లు అమ్మేస్తున్నారనో. పైగా "మీ ఓనరు నంబరు మారింది, ఈ ఖాతాకు వేయండి" అంటూ వేరేవాళ్లు పంపే దొంగ మెసేజీకి, ఓనరు పంపిన ఈ మెసేజీకి తేడా ఏమిటి? కిరాయిదారు ఏది నమ్మాలి?

నెల ముందు ఇంటింటికీ వెళ్లి నోటితో చెప్పడం, ఆ వెంటనే సంతకం చేసిన కాగితం ఇవ్వడం పాత పద్ధతే అయినా అదే పనిచేస్తుంది. ఆ కాగితంలో ఏం మారుతోందో రెండు ముక్కల్లో ఉండాలి. ఏం మారడం లేదో అంతకంటే వివరంగా ఉండాలి. ఉదాహరణకు ఇలా:

"మూడో వాటాలో ఉంటున్న మీకు. వచ్చే నెల నుంచి కిరాయి కింద రాసిన నా బ్యాంకు ఖాతాలో వేయగలరు. కిరాయి 8,000 రూపాయలే, పెంచడం లేదు. గడువు ఎప్పటిలాగే పదో తారీఖు. మీరు చేరినప్పుడు ఇచ్చిన అడ్వాన్సు 16,000 రూపాయలు నా దగ్గర ఉంది. ఈ నెల వరకు మీ బాకీ ఏమీ లేదు. ప్రతి నెలా రసీదు ఇస్తాను. ఖాతా ఎప్పుడైనా మారితే నేనే స్వయంగా వచ్చి, ఇలాగే కాగితం మీద చెబుతాను. ఫోనులో వచ్చే మాట నమ్మవద్దు."

ఈ ఉత్తరంలో బరువైన వాక్యం అడ్వాన్సుది. ఎన్నో ఏళ్ల కిందట చేతికిచ్చిన అడ్వాన్సుకు చాలామంది కిరాయిదారుల దగ్గర చీటీ కూడా ఉండదు. ఖాళీ చేసేరోజు రంగులకింత, పగిలిన కుళాయికింత అని లెక్క తేల్చేటప్పుడు అసలు ఎంత ఇచ్చారన్నదే తగాదా అవుతుంది. ఆ అంకె ఓనరు సంతకంతో కాగితం మీద కనిపిస్తే, కొత్త పద్ధతి తనకూ పనికొచ్చేదేనని కిరాయిదారు గ్రహిస్తాడు. బ్యాంకు గురించి ఎంత నచ్చజెప్పినా రాని ఒప్పుకోలు ఆ ఒక్క వాక్యంతో రావచ్చు.

పాత అగ్రిమెంటు కూడా ఒకసారి తీసి చదవాలి. కిరాయి "ఓనరు ఇంటి వద్ద నగదుగా" చెల్లించాలని అందులో రాసి ఉంటే, గడువు మధ్యలో ఓనరు ఒక్కడే దాన్ని మార్చలేడు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం కిరాయిదారు బాధ్యత సరైన సమయానికి, సరైన చోట అద్దె చెల్లించడం. ఆ చోటు ఏదన్నది ఒప్పందం మీద ఆధారపడుతుంది. ఇద్దరూ ఒప్పుకుని ఉత్తరం కింద సంతకాలు చేస్తే సరే. లేదంటే పదకొండు నెలలు నిండి కొత్త అగ్రిమెంటు రాసేదాకా ఆగాలి.

మొదటి నెలలో ముందుగా ఒక రూపాయి పంపించి, ఫోనులో వచ్చిన పేరు ఓనరుదేనా అని చూసుకోమనాలి. కొత్తగా యూపీఐ పెట్టుకున్నవాళ్లకు మొదటి 24 గంటల్లో 5,000 రూపాయలకు మించి పోదు. ఇది తెలియక పదో తారీఖు సాయంత్రం యాప్ పెట్టుకుని, కిరాయి పోవడం లేదని కంగారు పడేవాళ్లు ఉంటారు. ఇంకొందరికి ఖాతాలో డబ్బు కట్ అవుతుంది, ఓనరుకు మాత్రం చేరదు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం అలాంటి సొమ్ము మరుసటి రోజుకల్లా వెనక్కి రావాలి, ఆలస్యమైతే బ్యాంకు రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. కాబట్టి ఓనరు ఆ ఒక్క రోజు ఆగాలి. స్క్రీన్‌షాట్ పంపితే "వచ్చింది" అనడమూ తప్పే. నకిలీ స్క్రీన్‌షాట్ తయారుచేయడం ఇప్పుడు పిల్లలాట. తన ఖాతాలో పడిందా లేదా అన్నదే చూడాలి.

ఓనరుకు ఎదురయ్యే మరో తలనొప్పి, ఎవరి డబ్బు ఏదో తెలియకపోవడం. నాలుగో వాటా కిరాయి ఊళ్లో ఉన్న బావమరిది ఖాతా నుంచి వస్తుంది. డాబా గదిలో కుర్రాళ్లు ముగ్గురు తలా కొంత విడివిడిగా పంపుతారు. తొమ్మిదిన్నర వేలు రెండుసార్లు పడితే మొదటి వాటాది ఏది, రెండో వాటాది ఏది? దీనికి కొందరు చేసే చిన్న ఉపాయం బాగుంటుంది. కిరాయి చివర వాటా నంబరు చేర్చమంటారు. మొదటి వాటా 9,501, రెండోది 9,502, మూడోది 8,003, షట్టరు 18,006. స్టేట్‌మెంట్ తెరిచి చివరి అంకె చూస్తే చాలు. ఆ పైసలు నీళ్ల బిల్లులో సర్దేసుకుంటారు. డాబా కుర్రాళ్లకు మాత్రం ఒక్కరి ఖాతా నుంచే మొత్తం పంపమని చెప్పక తప్పదు. లేకపోతే ముగ్గురిలో ఒకడు ఎగ్గొట్టిన నెల ఎవడు ఎగ్గొట్టాడో తేల్చే పని ఓనరు నెత్తిన పడుతుంది.

ఇక వద్దనేవాళ్లు. "సార్, చేతికే ఇస్తున్న గదా, ఎన్నడన్న ఆపిన్నా?" అని మూడో వాటా ఆటో డ్రైవరు అడుగుతాడు. అడిగింది న్యాయమే, ఆయన ఎన్నడూ ఆపలేదు. అసలు కారణం పైకి చెప్పడు. ఆయన ఖాతాకు ఆటో లోను ఈఎంఐ కట్టి ఉంది. నెల మొదట్లో ఖాతాలో డబ్బు పడగానే వాయిదా కట్ అయిపోతుంది. పోయిన నెల వాయిదా తప్పి ఉంటే దాని జరిమానాతో సహా లాగేస్తుంది. కిరాయి కోసం వేసిన ఎనిమిది వేలు కిరాయికి మిగలవు. అందుకే ఆయన కిరాయి డబ్బు బ్యాంకు మొహం చూడకుండా చేతి నుంచి చేతికి పోవాలనుకుంటాడు. ఇలాంటి వ్యక్తికి డిజిటల్ చెల్లింపుల గొప్పతనం వివరిస్తే ఏం లాభం? ఈఎంఐ లేని భార్య ఖాతా నుంచి పంపవచ్చు. లేదా ఓనరు బ్యాంకు శాఖకు వెళ్లి ఓనరు ఖాతాలోనే నగదు జమ చేసి, కౌంటర్‌ఫాయిల్ ఫొటో తీసి పంపవచ్చు. రెండో దారిలో డబ్బు ఓనరు ఖాతాలోనే పడుతుంది, ఆయన ఖాతా మధ్యలోకి రాదు. బ్యాంకును బట్టి నగదు జమకు చార్జీ పడవచ్చు, అది ఎవరు భరించాలో ముందే అనుకోవాలి.

కింద షట్టరులో కిరాణా నడిపే ఆయన భయం మరో రకం. 2025 జులైలో కర్ణాటకలో చిన్న వ్యాపారులకు యూపీఐ లావాదేవీల ఆధారంగా జీఎస్టీ నోటీసులు వెళ్లాయి. బెంగళూరులో కొన్ని దుకాణాల ముందు క్యూఆర్ కోడు తీసేసి "నగదు మాత్రమే" అని రాసుకున్నారు. ఆ వార్త ఇక్కడి షట్టర్ల దాకా రావడానికి ఎంతోసేపు పట్టలేదు. అందుకే ఆయన ఒక మధ్యేమార్గం చెబుతాడు: "సగం బ్యాంకుల ఏస్త, సగం చేతికిస్త, ఏమంటరు?"

ఓనరు ఒప్పుకోకూడని మాట ఇదొక్కటే. అక్కడ నోటీసులకు ఆధారమైంది దుకాణంలోకి వచ్చిన అమ్మకాల సొమ్ము. దుకాణం నుంచి బయటికి పోయే కిరాయి ఖర్చు కిందికి వస్తుంది. వ్యాపారం లెక్కల్లో చూపించగలిగితే అది ఆయన లాభంలోంచి తగ్గేదే. సగం సగం పద్ధతిలో మాత్రం అగ్రిమెంటులో 18,000, బ్యాంకులో 9,000 కనిపిస్తాయి. రేపు తగాదా వస్తే కిరాయి తొమ్మిది వేలేనని ఆయన అనవచ్చు, సగం బాకీ ఉన్నాడని ఓనరు అనవచ్చు. ఇద్దరి మాటకూ కాగితం సాక్ష్యం పలుకుతుంది. షట్టర్ల దగ్గర ఇంకో ప్రమాదం అడ్వాన్సులో ఉంటుంది. పన్నెండు నెలల అడ్వాన్సు అంటే 2,16,000. రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2017 నుంచి నిషేధించింది. తీసుకున్నవాళ్లకు ఆ మొత్తమంతా జరిమానాగా పడవచ్చు. అడ్వాన్సు ఇచ్చే రోజు తీసుకునేది ఓనరు, తిరిగిచ్చే రోజు తీసుకునేది దుకాణదారు. ఆ సంగతి చెబితే ఆయన బ్యాంకు మాట వినడానికి సిద్ధపడతాడు.

మొదటి వాటాలో ఒంటరిగా ఉండే పెద్దావిడది అసలు వ్యతిరేకతే కాదు. "నాకా ఫోను రాదు నాయనా, పట్టుకుంటేనే చేతులు వణుకుతయి" అంటుంది. ఆమె ఫోనులో యాప్ పెట్టి, పిన్ను నంబరు కూడా తానే గుర్తుపెట్టుకునే మంచి ఓనర్లు ఉన్నారు. ఆ మంచితనం చాలా ప్రమాదం. ఆమె ఖాతాలో వంద రూపాయలు తేడా వచ్చినా వేలు చూపేది ఆ పిన్ను తెలిసిన మనిషినే. ఆమె పెన్షను పడే బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ రాయిస్తే ప్రతి నెలా ఐదో తారీఖున కిరాయి దానంతటదే పోతుంది. ఒక్క కాగితం, ఒక్క సంతకం. ఖాతాలో చాలినంత నిల్వ ఉండాలన్నదే షరతు. చెక్కు కూడా మంచి దారే. అదీ కుదరకపోతే ఆమె నుంచి నగదే తీసుకుని, నంబరున్న రసీదు పుస్తకంలోంచి రసీదు చింపి ఇచ్చి, మరుసటి రోజు ఆ డబ్బు తన ఖాతాలో జమ చేసుకోవచ్చు. ఆరిట్లో ఐదు బ్యాంకులో పడి ఒకటి చేతికి వస్తే ఏ కొంపా మునగదు.

ఏ కారణమూ లేకుండా నెలనెలా "సర్వరు డౌన్ అంకుల్", "బ్యాంకు పోవుడు కాలే" అంటూ పదో తారీఖును ఇరవైకి జరిపేవాళ్లు కూడా ఉంటారు. వీళ్లు ఇరవయ్యో తారీఖున నోట్లు తీసుకొచ్చినప్పుడు చాలామంది ఓనర్లకు కోపం వస్తుంది. "బ్యాంకులో వేస్తేనే తీసుకుంటా, పట్టుకుపో" అంటారు. ఆ మాటతో తప్పు ఓనరు వైపుకు తిరుగుతుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1960లో వచ్చిన భవనాల అద్దె నియంత్రణ చట్టం తెలంగాణలో ఇప్పటికీ ఉంది. ప్రధానంగా తక్కువ అద్దె ఉన్న పాత కట్టడాలకే అది వర్తిస్తుంది. అందులో ఆశ్చర్యపరిచే ఏర్పాటు ఒకటుంది. ఓనరు కిరాయి తీసుకోకుండా తప్పించుకుంటే, "పది రోజుల్లో ఒక బ్యాంకు పేరు చెప్పండి, అందులో వేస్తాను" అని కిరాయిదారే నోటీసు ఇవ్వవచ్చు. ఓనరు చెప్పకపోతే కమిషను తగ్గించుకుని మనియార్డరు పంపవచ్చు. అంటే అరవై ఏళ్ల కిందటే చట్టం బ్యాంకును కిరాయిదారు రక్షణగా చూసింది. చెల్లించిన కిరాయికి రసీదు అడిగే హక్కు కూడా అదే చట్టంలో ఉంది. ఆ చట్టం పరిధిలోకి రాని ఇళ్లలోనూ, ఇవ్వబోయిన డబ్బును తోసిపుచ్చి తర్వాత "కిరాయి ఎగ్గొట్టాడు" అని కోర్టులో నిలబెట్టడం కష్టం. బోరు మోటారు ఆపేయడం, కరెంటు తీసేయడం వంటివి మరీ చేటు. ఆ పని చేసిన రోజు నుంచి కేసు కిరాయిదారుదే అవుతుంది.

అందుకని తెచ్చిన నగదు తీసుకోవాలి, రసీదు ఇవ్వాలి. రసీదు మీద తేదీ, ఏ నెల కిరాయి, "గడువు దాటి 10 రోజులకు నగదుగా ముట్టింది" అన్న ముక్క రాయాలి. మూడు నెలలు వరుసగా అలా రాసిన రసీదుల నకళ్లు చేతిలో ఉంటే, కొత్త అగ్రిమెంటు రాసేనాడు ఓనరు గొంతు పెంచాల్సిన పనిలేదు. అప్పుడు రాయాల్సిన షరతు కూడా పొడుగ్గా ఉండనక్కర్లేదు: "అద్దె ప్రతి నెల పదో తేదీ లోపు ఓనరు తెలిపిన బ్యాంకు ఖాతాలో జమ చేయాలి. బ్యాంకు లోపం వల్ల జరిగిన ఆలస్యానికి మూడు రోజుల వెసులుబాటు ఉంటుంది." ఆ వెసులుబాటు ఉండాలి. సర్వరు నిజంగా డౌన్ అయ్యే రోజులు కూడా ఉంటాయి.

ఓనర్లు ముందు ఊహించని చిక్కు మరొకటుంది. నగదు వద్దనుకుంటే చేయి వెనక్కి తీసుకోవచ్చు. ఖాతాకు ఆ వీలులేదు, ఎవరు వేసినా పడుతుంది. ఖాళీ చేయమని నోటీసు ఇచ్చి, దాని గడువు తీరాక కూడా కిరాయిదారు నెలనెలా డబ్బు వేస్తూనే ఉంటే? గడువు తర్వాతి కాలానికి అద్దె తీసుకుంటే నోటీసును వదులుకున్నట్టేనని వాదించడానికి ఆస్తి బదిలీ చట్టంలో దారి ఉంది. రెండు మూడు నెలలు స్టేట్‌మెంట్ చూడకుండా ఊరుకున్న ఓనరు కేసు అక్కడే బలహీనపడుతుంది. డబ్బు పడిన వారంలోపే వెనక్కి పంపడమో, లేక "దీన్ని అద్దెగా స్వీకరించడం లేదు, ఇంట్లో ఉన్నందుకు నష్టపరిహారంగా మాత్రమే, నోటీసుకు భంగం లేకుండా" అని వకీలు చేత ఉత్తరం రాయించడమో చేయాలి.

డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉంటూ ఇక్కడి ఇల్లు అద్దెకిచ్చిన తెలుగు ఓనర్లకు బ్యాంకు మార్గం ఇంకో తలుపు తెరుస్తుంది. ఎన్‌ఆర్‌ఐ ఓనరు కిరాయి ఎన్‌ఆర్‌ఓ ఖాతాలోనే పడాలి, ఇక్కడ చదువుకునే రోజుల్లో తీసిన పాత సేవింగ్స్ ఖాతాలో కాదు. పైగా కిరాయి ఎంత తక్కువైనా, అందులోంచి 30 శాతానికి పైగా పన్ను కోసి ప్రభుత్వానికి కట్టాల్సిన బాధ్యత కిరాయిదారుది. ఇక్కడే ఉండే ఓనరుకైతే వ్యక్తిగతంగా అద్దెకున్నవాళ్లు కిరాయి నెలకు 50,000 దాటినప్పుడే, అదీ 2 శాతమే కోయాలి. నగదుగా అత్తగారి చేతికో, చుట్టాల చేతికో ఇస్తున్నంతకాలం ఈ ప్రస్తావనే రాదు. బ్యాంకు మాట ఎత్తిన రోజు ఏ కాస్త తెలిసిన కిరాయిదారైనా అడిగే మొదటి ప్రశ్న అదే: "మీరు ఎన్‌ఆర్‌ఐ కదా అన్నా, టీడీఎస్ కట్ చేసి పంపాలా?" చేయాలి. ఆ కోసిన పన్నును ఓనరు ఇక్కడ రిటర్ను వేసి, లెక్కలో ఎక్కువ తేలితే వెనక్కి తెచ్చుకోవచ్చు. దానికి కిరాయిదారు టాన్ నంబరు తీసుకుని, మూడు నెలలకోసారి టీడీఎస్ రిటర్ను వేసి, సర్టిఫికెట్ ఇవ్వాలి. తొమ్మిది వేల కిరాయికి ఇంత పని ఏ కిరాయిదారూ సంతోషంగా చేయడు. కాబట్టి ఆడిటరు ఖర్చు తామే పెట్టుకుంటామని అలాంటి ఓనర్లు మొదటి ఉత్తరంలోనే రాస్తే, సగం వాదన అప్పుడే తగ్గుతుంది.